ఆఫీసు నెట్‌వర్క్‌ను అప్పగించి వెళ్లేవాళ్లు రాయాల్సిన నోట్: తిరుపతిలోని మా సేవా సంస్థ ఉదాహరణతో

ఈ నెలాఖరుకు నేను తిరుపతి వదిలి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తున్నాను. ఇక్కడ ఒక చిన్న సేవా సంస్థ ఆఫీసులో కంప్యూటర్లు, నెట్ చూసుకునే పని ఇన్నాళ్లూ వాలంటీర్‌గా నేనే చేశాను. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు బయటి ఊళ్ల నుంచి వచ్చే రోగుల వెంట ఉండేవాళ్లకు వసతి, భోజనం చూడటం, వెనక గదిలో ఆడవాళ్లకు కుట్టు శిక్షణ ఇవ్వడం ఈ సంస్థ పని. జీతానికి పెట్టుకున్న కంప్యూటర్ మనిషి ఎవరూ లేరు. నా తర్వాత ఇంకో వాలంటీర్ వస్తారో లేదో కూడా చెప్పలేం. కాబట్టి నేను వెళ్లే ముందు రాస్తున్న అప్పగింత నోట్ ఎవరూ పక్కన లేకపోయినా పనికి రావాలి. అది ఎలా రాస్తున్నానో, ఏ వరుసలో రాస్తున్నానో ఇక్కడ చెబుతాను. మీ ఆఫీసులో రూటర్ లాంటి డబ్బాలు వేరుగా ఉండొచ్చు కానీ రాసే పద్ధతి ఇదే.

మొదటి అడుగు: చదివేది ఎవరో తేల్చుకోండి

ఇలాంటి నోట్‌కు ఇద్దరు పాఠకులు ఉంటారు. ఒకరు, ఉదయం పది గంటలకు నెట్ రాక, రశీదు ప్రింట్ కాక, ఎదురుగా దాత కూర్చుని ఉండగా టెన్షన్ పడే అకౌంట్స్ మేడం. రెండోవారు, ఆరు నెలల తర్వాత వచ్చే టెక్నీషియనో కొత్త వాలంటీరో. ఇద్దరికీ ఒకే కాగితం రాస్తే ఇద్దరికీ పనికిరాదు. అందుకే మొదటి పేజీ పూర్తిగా మేడం కోసం రాశాను. అందులో ఐపీ అడ్రసు అనే మాటే రాదు. ఏ డబ్బా ఎక్కడుంది, ఏ లైటు ఎలా ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి, దేన్ని ముట్టుకోకూడదు, నెట్ రాకపోతే ఏ మూడు వరుసలు కొట్టి చూడాలి, అంతే. ఆ వెనక పేజీలు టెక్నీషియన్‌వి.

పాస్‌వర్డులు ఈ నోట్‌లో ఎక్కడా రాయకండి. ఆఫీసులో ఏ తలుపు బలహీనంగా ఉందో ఈ కాగితమే చెబుతోంది. తాళం చెవులు కూడా ఇందులోనే పెడితే, ఎవరో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు అన్నీ ఒక్కసారే బయటికి పోతాయి. పాస్‌వర్డులను వేరే కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీల్ వేసి కార్యదర్శి గారి బీరువాలో ఉంచాలి. నోట్‌లో మాత్రం "రూటర్ పాస్‌వర్డ్: బీరువాలోని కవరులో, 2వ వరుస" అని రాస్తే చాలు.

రెండో అడుగు: వైరు పట్టుకుని నడవండి

లేఅవుట్‌ను గుర్తున్నదాన్ని బట్టి గీయకూడదు. బయటి నుంచి ఫైబర్ ఇంట్లోకి వచ్చే చోట మొదలుపెట్టి, వైరు వెంట నడుస్తూ గీయాలి. మా ఆఫీసు అద్దె ఇల్లు. ముందు గది ఆఫీసు, మధ్యలో అటెండెంట్లు కూర్చునే హాలు, పెరడు దాటాక కుట్టు శిక్షణ గది. ఫైబర్ ముందు గది కిటికీ పక్కనుంచి లోపలికి వచ్చి, గోడకు బిగించిన తెల్ల డబ్బాలో చేరుతుంది. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా అది. మోడెమ్, రూటర్, వైఫై మూడూ అదే. దాని నుంచి ఒక వైరు అకౌంట్స్ టేబుల్ పక్క షెల్ఫ్‌లో ఉన్న ఎనిమిది పోర్టుల స్విచ్‌లోకి వెళ్తుంది. మిగతావన్నీ ఆ స్విచ్‌లోంచే: అకౌంట్స్ కంప్యూటర్, రిసెప్షన్ కంప్యూటర్, ప్రింటర్, సీసీ కెమెరాల డీవీఆర్, ఆ తర్వాత మేడ మీదుగా కుట్టు గదికి వెళ్లే పొడవాటి వైరు. ఆ వైరు చివర ఒక పాత వైఫై రూటర్ ఉంది. దాని గురించి తర్వాత చాలా చెప్పాలి.

స్విచ్ షెల్ఫ్‌లో ఎందుకుందో కూడా నోట్‌లో రాశాను. 2021 నవంబరు వర్షాలకు తిరుపతిలో ఎన్నో వీధుల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. కింద గదిలో నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు గానీ స్విచ్ గానీ పెట్టకూడదు. కారణం రాయకపోతే, టేబుల్ జరిపేటప్పుడు ఎవరో ఒకరు "అడ్డంగా ఉంది" అని దాన్ని మళ్లీ నేల మీద పెట్టేస్తారు.

ఏ వైరు ఎటు పోతుందో తెలియకపోతే, ఆఫీసు వేళ అయ్యాక కంప్యూటర్ వైపు ఒక్కో వైరు పీకి, స్విచ్ మీద ఏ లైటు ఆరిందో చూడండి. ఒకటి పీకి, రాసుకుని, తిరిగి పెట్టాకే రెండోది. ప్రతి వైరుకు రెండు చివర్లా ఒకే నంబరు అంటించండి. కాగితం టేపు మా ఊరి మే నెల ఎండకు ఊడిపోతుంది. అందుకే నంబరు రాసిన కాగితాన్ని వైరు చుట్టూ చుట్టి, పైన ట్రాన్స్‌పరెంట్ టేపు గట్టిగా వేశాను. ఇకపై నోట్ అంతా ఆ నంబర్లతోనే మాట్లాడుతుంది. "మేడ మీద వైరు" అనడం కంటే "5వ నంబరు వైరు" అనడం ఫోన్‌లో కూడా సులువు.

ఆ తర్వాత అడ్రసుల పట్టిక. మా ఆఫీసుది ఇలా ఉంది:

```
192.168.1.1          గోడ మీద తెల్ల డబ్బా (రూటర్)
192.168.1.2          కుట్టు గది రూటర్
192.168.1.10         అకౌంట్స్ కంప్యూటర్
192.168.1.50         ప్రింటర్
192.168.1.60         డీవీఆర్
192.168.1.100 - 200  ఫోన్లు, మిగతా కంప్యూటర్లు
```

చివరి వరుసలోని నంబర్లను తెల్ల డబ్బా తనంతట తానే పంచుతుంది. ఆ పనిని డీహెచ్‌సీపీ అంటారు. పైన ఉన్నవి మనం స్థిరంగా పెట్టినవి. ప్రింటర్ నంబరును 100-200 మధ్యలో పెడితే, ఎప్పుడో ఒకరోజు అదే నంబరు ఏదో ఫోన్‌కు వెళ్లి ప్రింటర్ మాయమవుతుంది. పట్టిక పక్కన ఈ ఒక్క వాక్యం తప్పక రాయండి. రూటర్ పేజీలో కనిపించే ఫోన్ల జాబితాను మాత్రం నోట్‌లోకి ఎక్కించకండి. ఆండ్రాయిడ్ 10 తర్వాతి ఫోన్లు, ఐఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత గుర్తింపు చూపిస్తాయి కాబట్టి ఆ జాబితా చూసి ఎవరి ఫోన్ ఏదో చెప్పలేం.

మూడో అడుగు: మేడం పేజీ

మా తెల్ల డబ్బా మీద PON, LOS అని రెండు లైట్లు ఉన్నాయి. PON ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి. LOS వెలగకూడదు. LOS ఎర్రగా మెరుస్తుంటే బయటి నుంచి ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం. వీధిలో ఫైబర్ తెగి ఉండొచ్చు, లేదా డబ్బా వెనక సన్న పసుపు వైరు మడతపడి ఉండొచ్చు. ఆ వైరు నిటారుగా ఉందో లేదో కళ్లతో చూసి, కంపెనీకి ఫోన్ చేయడం తప్ప ఆఫీసులో ఎవరూ చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడు స్విచ్‌లో వైర్లు పీకి పెడితే రెండో సమస్య తయారవుతుంది.

లైట్లు బాగానే ఉండి నెట్ రాకపోతే, కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టాలి:

```
ping 192.168.1.1
ping 8.8.8.8
ping google.com
```

మొదటిదానికే జవాబు రాకపోతే తప్పు మన ఆఫీసులోనే ఉంది. వైరో, స్విచ్చో, అడ్రసో. మొదటిదానికి వచ్చి రెండోదానికి రాకపోతే తప్పు బయట ఉంది, కంపెనీకి ఫోన్ చేయాలి. రెండింటికీ వచ్చి మూడోదానికి మాత్రమే రాకపోతే లైను బాగానే ఉంది, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ పని చేయడం లేదు. తెల్ల డబ్బాను ఆపి, నిమిషం ఆగి వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

ఈ పేజీలో పెద్ద అక్షరాలతో రాసిన మాట ఇంకొకటి ఉంది: "కరెంటు ఆపి మళ్లీ వేయవచ్చు. వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చకూడదు." కారణం తర్వాతి అడుగులో ఉంది.

నాలుగో అడుగు: బలహీనతలు రాయడం

అందరూ దాటేసే భాగం ఇదే. "వైఫై సెక్యూరిటీ మెరుగుపరచాలి" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. అది చదివి ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్కో బలహీనతకూ నాలుగు విషయాలు రాయాలి: అది బయటపడితే ఏం కనిపిస్తుంది, ఎందుకు జరుగుతుంది, ఆ రోజు ఏం చేయాలి, శాశ్వతంగా పోవాలంటే ఏం కొనాలి లేదా ఎవరు నిర్ణయించాలి. మా ఆఫీసులో ఎక్కువ తికమక పెట్టేది కుట్టు గది రూటర్. కాబట్టి దాన్నే పూర్తిగా చూపిస్తాను.

ఆ రూటర్ ఎవరో దాత ఇచ్చిన పాత ఇంటి రూటర్. దాన్ని కేవలం వైఫై అందించే డబ్బాగా వాడుతున్నాం. అందుకోసం దానిలో డీహెచ్‌సీపీ ఆపేసి, అడ్రసు 192.168.1.2గా మార్చి, 5వ నంబరు వైరును బయటి లైను కోసం ఉండే WAN రంధ్రంలో కాకుండా లోపలి కంప్యూటర్ల కోసం ఉండే LAN రంధ్రాల్లో ఒకదానిలో పెట్టాం. ఇలా ఉన్నంతకాలం అది గొడవ చేయదు. కానీ కుట్టు గదిలో నెట్ నెమ్మదించిందని ఎవరో పిన్నుతో రీసెట్ నొక్కారనుకోండి. డబ్బా ఫ్యాక్టరీలో ఉన్న స్థితికి పోతుంది. డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు ఒకే నెట్‌వర్క్‌లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరయ్యారు.

ఇక్కడి నుంచి వింతగా ఉంటుంది. కుట్టు గదిలో నొక్కితే సమస్య ముందు గదిలో కనిపిస్తుంది. అదీ అందరికీ ఒకేసారి రాదు. అప్పటికే ఆన్‌లో ఉన్న కంప్యూటర్ తన పాత అడ్రసుతో బాగానే నడుస్తుంది. మర్నాడు ఉదయం ఆన్ చేసిన కంప్యూటర్ కొత్తగా అడ్రసు అడిగితే, రెండు డబ్బాల్లో ఏది ముందు జవాబిస్తే దాని అడ్రసే తీసుకుంటుంది. అలా రిసెప్షన్‌లో నెట్ రాదు, పక్కనే ఫోన్‌లో వస్తుంది. స్థిరమైన అడ్రసు ఉన్న అకౌంట్స్ కంప్యూటర్‌లో ఏ తేడా ఉండదు. రిసెప్షన్ నుంచి ప్రింట్ ఇస్తే ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. కంపెనీకి ఫోన్ చేస్తే "మా లైను బాగానే ఉంది" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

కనిపెట్టడం మాత్రం తేలిక. నెట్ రాని కంప్యూటర్‌లో ఇది కొట్టాలి:

```
ipconfig /all
```

వచ్చినదానిలో `Default Gateway`, `DHCP Server` అనే రెండు వరుసలు చూడాలి. రెండు చోట్లా 192.168.1.1 ఉండాలి. దాని బదులు 192.168.0.1 ఉంటే ఆ కంప్యూటర్ కుట్టు గది రూటర్ మాట విన్నట్టు. మా రూటర్ ఫ్యాక్టరీ అడ్రసు అదే. మీ రూటర్‌ది దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. అడ్రసు 169.254తో మొదలైతే అది వేరే కథ. ఆ కంప్యూటర్‌కు ఎవరూ జవాబివ్వలేదు, కాబట్టి వైరో స్విచ్చో చూడాలి. రీసెట్ అయిందనడానికి ఇంకో గుర్తు కంప్యూటర్ తెలియనివాళ్లకు కూడా కనిపిస్తుంది: కుట్టు గదిలో మన వైఫై పేరు పోయి, స్టిక్కర్ మీద ఉన్న కంపెనీ పేరుతో వైఫై కనిపిస్తుంది.

ఆ రోజు చేయాల్సిన పని ఇది. స్విచ్ దగ్గర 5వ నంబరు వైరు పీకేయండి. కుట్టు గదిలో నెట్ పోతుంది, పోనివ్వండి, మిగతా ఆఫీసు కోలుకుంటుంది. తప్పు అడ్రసు పట్టుకున్న కంప్యూటర్‌లో ఇవి కొట్టండి, లేదా దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయండి:

```
ipconfig /release
ipconfig /renew
```

నెట్ వచ్చిందంటే కారణం అదేనని ఖాయం. తర్వాత తీరిగ్గా ఒక ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, 5వ వైరు పెట్టకుండానే, ఆ రూటర్‌కు నేరుగా కలపాలి. దాని పేజీలోకి వెళ్లి ముందు పాస్‌వర్డ్ మార్చి, వైఫై పేరు పెట్టి, డీహెచ్‌సీపీ ఆపి, చివరగా అడ్రసును 192.168.1.2 చేయాలి. అడ్రసు మార్చగానే ఆ పేజీ తెగిపోతుంది. అందుకే అది చివర. అన్నీ సేవ్ అయ్యాకే వైరు LAN రంధ్రంలో పెట్టాలి. చాలా కొత్త రూటర్లలో అయితే యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒకే బటన్ ఉంటుంది, ఈ తంతు అంతా అక్కర్లేదు. శాశ్వత పరిష్కారం కూడా అదే: ఈ పాతది తీసేసి ఆ మోడ్ ఉన్నది పెట్టి, 5వ వైరును దాని WAN రంధ్రంలో కలపడం. అంతవరకూ రీసెట్ రంధ్రం మీద టేపు వేసి ఉంచాను. WAN రంధ్రం మీద కూడా వేశాను.

ఒక బలహీనత గురించి ఇంత రాయాలా అని అడగొచ్చు. ఆఫీసులో మళ్లీ మళ్లీ జరిగే అవకాశం ఉన్నదానికి ఇంత రాయాలి. మిగతావాటికి ఇందులో సగం చాలు.

హాలులో వైఫై

రోగుల వెంట వచ్చేవాళ్లు హాలులో గంటల తరబడి కూర్చుంటారు. ఇంటికి వీడియో కాల్ చేసుకోవాలి, ఆసుపత్రి రిపోర్టులు డౌన్‌లోడ్ చేసుకోవాలి. వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు, ఇవ్వాల్సిందే కూడా. ఇబ్బందల్లా, దాతల రిజిస్టర్ ఉన్న అకౌంట్స్ కంప్యూటర్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉండటం. 80జి రశీదుల కోసం తీసుకున్న పాన్ నంబర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఆ షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. హాలులో కూర్చున్నవాళ్లు ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు. వాళ్ల ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉంటే చాలు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసే వనాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు అది ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం ద్వారానే పాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

అందుకని తెల్ల డబ్బాలో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, దాని పాస్‌వర్డ్ మాత్రమే హాలు గోడ మీద అంటించాం. గెస్ట్ అని పేరు పెట్టినంత మాత్రాన అది వేరు అయిపోదు, పరీక్షించాలి. ఫోన్‌ను గెస్ట్ వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపి, బ్రౌజర్‌లో `http://192.168.1.50` కొట్టండి. ప్రింటర్ పేజీ తెరుచుకుంటే గోడ లేనట్టే. తెరుచుకోకూడదు. తెల్ల డబ్బాను కంపెనీవాళ్లు మార్చినా, రీసెట్ చేసినా ఈ పరీక్ష మళ్లీ చేయాలని నోట్‌లో రాశాను.

ఇందులో ఒక పరిమితి ఉంది. కుట్టు గది రూటర్‌లో కూడా గెస్ట్ అనే ఆప్షన్ కనిపిస్తుంది కానీ దాన్ని ఆన్ చేయకూడదు. అది మనం పెట్టుకున్న తీరులో వచ్చిన ప్రతి ఫోన్‌నూ నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకే కలుపుతుంది. పేరు మాత్రం గెస్ట్, వెళ్లేది అకౌంట్స్ కంప్యూటర్ పక్కకే. కాబట్టి బయటివాళ్లకు వైఫై హాలులోనే, కుట్టు గదిలో లేదు. ఈ మాట కుట్టు టీచర్ గారికి కూడా చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే రాశాను.

షేర్డ్ ఫోల్డర్‌కు `Everyone` అనే అనుమతి తీసేసి, అకౌంట్స్‌కు, రిసెప్షన్‌కు వేర్వేరు యూజర్లు పెట్టాం. వనాక్రై వాడుకున్న పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఆగి ఉందో లేదో పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూడొచ్చు:

```
Get-SmbServerConfiguration | Select EnableSMB1Protocol
```

`False` అని రావాలి. రిసెప్షన్ కంప్యూటర్ ఇంకా విండోస్ 10 మీదే ఉంది. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ మిషన్ విండోస్ 11కు సరిపోదు. కొత్తది కొనే నిర్ణయం ట్రస్టీలది, కాబట్టి ఆ వాక్యాన్ని వాళ్లకిచ్చే కాగితంలో కూడా పెట్టాను.

మేడ మీద వైరు

5వ నంబరు వైరు మేడ మీదుగా బయటే పోతుంది. మూడు విధాలుగా దెబ్బతింటుంది. లోపల వాడే రకం వైరు కాబట్టి ఎండకు పైతొడుగు పెళుసెక్కి పగులుతుంది. కొండ వైపు నుంచి వచ్చే కోతులు దాన్ని పట్టుకుని లాగుతాయి. ఈ రెండూ కంటికి కనిపిస్తాయి. మూడోది పిడుగు. పిడుగు మన ఇంటి మీదే పడక్కర్లేదు. దగ్గర్లో పడినా పొడవాటి రాగి వైరులో ఒక్కసారి వోల్టేజీ పొంగి రెండు చివర్లా ఉన్న డబ్బాలను కొడుతుంది. స్విచ్ మొత్తం పోవచ్చు, లేదా ఆ ఒక్క పోర్టే పోవచ్చు. అదే వైరును పక్క పోర్టులో పెడితే లైటు వెలిగి, పాత పోర్టులో వెలగకపోతే పోర్టు కాలిందని అర్థం. ఆ పోర్టు మీద టేపు వేసి వదిలేయాలి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ, అక్టోబరు నుంచి వానల్లోనూ మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవ్వకముందే స్విచ్ దగ్గర 5వ వైరు పీకి పక్కన పెట్టాలి. ఉరుముతుండగా దాన్ని ముట్టుకోవద్దు. రాత్రి తాళం వేసేవాళ్ల పనుల జాబితాలో ఇది చేర్చాం. పైపులో వేసిన బయటి రకం వైరు ఎండనూ కోతులనూ తట్టుకుంటుంది కానీ పిడుగును ఆపలేదు. దానికి ఫైబర్ వేసి రెండు చివర్లా ఫైబర్‌ను మామూలు నెట్ వైరుకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టాలి. గాజు తీగలో కరెంటు పారదు. లోపల బలానికి ఇనుప తీగ ఉన్న రకం కాకుండా, లోహం లేని రకం అడగాలి. కొనేముందు ఇది షాపులో అడిగి తెలుసుకోమని రాశాను.

బ్యాకప్

దాతల రిజిస్టర్ ఉన్నది ఒక్క అకౌంట్స్ కంప్యూటర్‌లోనే. ప్రతి శనివారం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ను వెంటనే తీసేయాలి. తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ వచ్చినప్పుడు అదీ పోతుంది. రెండు డిస్క్‌లు ఉన్నాయి. ఒకటి ఆఫీసులో, ఒకటి కార్యదర్శి గారి ఇంట్లో, వారం వారం మారుతూ. నెలకోసారి డిస్క్‌లోని రిజిస్టర్‌ను రిసెప్షన్ కంప్యూటర్‌లో తెరిచి, చివరి రశీదు నంబరు పుస్తకంలోని నంబరుతో సరిపోయిందో లేదో చూడాలి.

ఐదో అడుగు: ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది?

మన దగ్గర స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. తొందరగా పనవ్వాలని ఏదో ఒక వాలంటీర్ తన సొంత నంబరు ఇస్తారు. ఇంటర్నెట్ కనెక్షన్, సంస్థ ఈమెయిల్ రికవరీ, కెమెరాల యాప్, అన్నీ ఆ నంబరుకే కట్టి ఉంటాయి. ఆ మనిషి ఊరు మారితే పాస్‌వర్డ్ తెలిసినా లోపలికి పోలేరు. వాడకుండా వదిలేసిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ రద్దు చేసి, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు ఓటీపీలు ముక్కూ మొహం తెలియనివారికి వెళ్తాయి.

మా ఆఫీసుకు ఒక మామూలు బటన్ల ఫోన్, సంస్థ పేరు మీద ఒక సిమ్ తీసుకుని, నా నంబరు ఉన్నవన్నీ దానికి మార్చాం. ఆ సిమ్ రీఛార్జి అయిపోవడమే ఇప్పుడు కొత్త బలహీనత. అందుకే రీఛార్జి తేదీని కరెంటు బిల్లు కట్టే తేదీ పక్కనే అకౌంట్స్ మేడం క్యాలెండరులో రాయించాను. కెమెరాల యాప్‌లో ఒక మెలిక ఉంది. డీవీఆర్ నా ఖాతాకు కట్టి ఉంది కాబట్టి, నేను నా ఫోన్‌లోంచి దాన్ని తీసేసేదాకా వేరేవాళ్ల ఖాతాలో అది చేరదు. ఇది ఫోన్‌లో చెప్పి చేయించే పని కాదు, కొత్తవాళ్లు పక్కన ఉండగానే తీసేసి, వాళ్ల ఫోన్‌లో కలపాలి.

పాస్‌వర్డులు మార్చే వరుస కూడా ముఖ్యం. ముందు రికవరీ నంబరు, ఈమెయిల్ మార్చాలి. తర్వాత ఈమెయిల్ పాస్‌వర్డ్, ఆ తర్వాత తెల్ల డబ్బా పాస్‌వర్డ్, చివరగా ఆఫీసు వైఫై. రికవరీ నా ఫోన్‌కే ఉండగా మిగతావి ఎన్ని మార్చినా నేను మళ్లీ తెరవగలను. కొత్త పాస్‌వర్డులు నాకు తెలియకూడదు. అందుకే ఈ పని నేను బయట కూర్చుని, కార్యదర్శి గారి చేత చేయిస్తున్నాను. వైఫై పాస్‌వర్డ్ మార్చగానే వైఫైలో ఉన్న ప్రింటర్లు, టీవీలు ఏవైనా ఉంటే తెగిపోతాయి. మా ప్రింటర్ వైరు మీద ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

ఆరో అడుగు: కాగితం ఇచ్చి చూస్తూ ఉండండి

నోట్ రాసి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోతే అది పనిచేస్తుందో లేదో తెలియదు. ఆఫీసు అయ్యాక, మేడం గారికి చెప్పే స్విచ్‌లోంచి రిసెప్షన్ వైరు పీకి, మొదటి పేజీ చేతికిచ్చాను. నోరు మెదపకుండా పక్కన నిలబడ్డాను. రెండో వాక్యం దగ్గరే ఆగారు.

"నాయనా, 'డబ్బా ఆపి వేయండి' అని రాసినావు. డబ్బాలు రెండుండాయి కదా, ఏది?"

ఆవిడ అడిగింది న్యాయం. ఆ వాక్యాన్ని "కిటికీ పక్కన గోడకు బిగించిన తెల్ల డబ్బా, దాని ప్లగ్గుకు ఎర్ర టేపు ఉంటుంది" అని మార్చి, ప్లగ్గుకు నిజంగానే ఎర్ర టేపు చుట్టాను. పింగ్ మొదటిదానికే జవాబు రాకపోతే "ఆఫీసులోనే తప్పు" అని రాశాను కానీ, తర్వాత ఎక్కడ చూడాలో ఆ పేజీలో లేదని కూడా ఆవిడే చూపించారు. "స్విచ్‌లో మీ కంప్యూటర్ నంబరు వైరు దగ్గర లైటు వెలుగుతోందా చూడండి, లేకపోతే రెండు చివర్లా గట్టిగా నొక్కండి" అని చేర్చాను. రెండోసారి ఇచ్చినప్పుడు ఏమీ అడగకుండా వైరు కనిపెట్టి పెట్టారు.

టెక్నీషియన్ పేజీలను కూడా అలాగే, నెట్‌వర్క్ పని తెలిసిన, మా ఆఫీసు చూడని ఒక స్నేహితుడికి ఇచ్చి, 5వ వైరు కథ చదివి కుట్టు గది రూటర్‌ను మొదటి నుంచి సెట్ చేయమన్నాను. WAN రంధ్రం మీద టేపు వేయాలన్నది అతని సలహానే.

చివరగా, కాపీలు. మొదటి పేజీ ప్లాస్టిక్ కవరులో పెట్టి తెల్ల డబ్బా పక్కన గోడకు. బలహీనతల పేజీలు గోడకు వద్దు, ఒక కాపీ కార్యదర్శి గారి బీరువాలో, ఒకటి ట్రస్టీ గారి ఇంట్లో. ప్రతి పేజీ కింద తేదీ, పక్కనే ఖాళీ గీతలు. ఎవరు ఏ వైరు మార్చినా, ఏ డబ్బా మార్చినా, ఆ గీత మీద తేదీ వేసి ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాలి.